సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనేముందు ఏం చూడాలి: గోదావరి జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురంలో కొన్నా, భీమవరంలో కొన్నా మన దగ్గర దొరికే సెకండ్ హ్యాండ్ సరుకు ఎక్కువగా ఒకే రకం. పెద్ద ఆఫీసులు కొన్నేళ్లు వాడి లాట్ల లెక్కన అమ్మేసిన డెల్ లాటిట్యూడ్, లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ లాంటివి. అవి మంచి లాప్‌టాప్‌లే. కానీ ఒకే లాట్‌లో వచ్చిన రెండింటిలో ఒకటి ఇంకో ఐదేళ్లు నడవొచ్చు, ఇంకోటి వచ్చే వానాకాలం దాటకపోవచ్చు. తేడా ఎలా పట్టుకోవాలని ఇంజనీరింగ్‌లో చేరే పిల్లలు, వాళ్ల నాన్నలు అడిగే ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి వాటిని ఒకచోట రాశాను. విండోస్ లాప్‌టాప్‌ల గురించే రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## బయల్దేరే ముందు

షాపుకి వెళ్లేటప్పుడు వెంట ఏం పట్టుకెళ్లాలి?

ఒక పెన్‌డ్రైవ్, వైరున్న ఇయర్‌ఫోన్స్, మీ ఫోన్ టైప్-సి కేబుల్. నెట్‌కి ఫోన్ హాట్‌స్పాట్ చాలు. పెన్‌డ్రైవ్ లోపల నీలం రంగు ముక్క ఉన్నదో, పక్కన 3.0 అని రాసి ఉన్నదో అయితే మంచిది. అందులో ముందే మూడు రకాలు వేసుకోండి: పూర్తి తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఐదు ఫొటోలు, నాలుగైదు జీబీల సినిమా ఫైలు ఒకటి, CrystalDiskInfo అనే ఉచిత ప్రోగ్రామ్ జిప్ రూపంలో. జిప్ రకానికి ఇన్‌స్టాల్ చేసే పని ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం గంట తీరిక. షాపు మూసే వేళకి వెళ్తే వాళ్లూ తొందరపెడతారు, ఆఖరి బస్సు టెన్షన్‌లో మీరూ తొందరపడతారు. పగటిపూట వెళ్తే షాపు బయట వెలుతురులో కూడా ఒకసారి చూసుకోవచ్చు.

ఫోన్‌లోనే అడిగి తెలుసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

ప్రాసెసర్ పూర్తి పేరు అడగండి. "ఐ5 అండీ" అంటే సరిపోదు, ఐ5 పేరుతో పదిహేనేళ్ల కిందటివీ ఉన్నాయి. `i5-7300U` అంటే 7వ తరం, `i5-8350U` అంటే 8వ తరం. ఈ ఒక్క అంకె తేడా పెద్దదే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరమో ఆపైదో కావాలి. 7వ తరం దాంట్లో ఏదో తిప్పలు పడి విండోస్ 11 ఎక్కించి అమ్మేవాళ్లున్నారు. ఇప్పుడు నడుస్తుంది, రేపు పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. పూర్తి పేరు ఫొటో తీసి పంపమంటే పంపని వాళ్ల దగ్గరికి అంత దూరం వెళ్లక్కర్లేదు.

## చేతిలోకి తీసుకున్నాక, ఆన్ చెయ్యకముందు

మూత మీద గీతలు, మరకలు ఉన్నాయి. పట్టించుకోవాలా?

బేరానికి పనికొస్తాయి, అంతే. గీతలకన్నా అడుగున ఉన్న స్క్రూలు చూడండి. ఒకటి రెండు లేకపోయినా, తలలు అరిగిపోయినా, ఒకదానికొకటి పోలిక లేకపోయినా దాన్ని ఎవరో ఇప్పారు. ఇప్పడం తప్పు కాదు, ర్యామ్ పెంచడానికైనా ఇప్పాలి. ఎందుకు ఇప్పారో మాత్రం అడగండి. ఒక మూల అంచు సరిగా కూర్చోక గోరు దూరేంత సందు ఉంటే అది గీతల్లా వదిలేసే విషయం కాదు. లోపల కొక్కీలైనా విరిగి ఉంటాయి, బ్యాటరీ అయినా ఉబ్బి ఉంటుంది.

హింజ్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? తెరిస్తే తెరుచుకుంటోంది, మూస్తే మూసుకుంటోంది కదా.

తెరుచుకోవడం ఒక్కటే చూసి చాలామంది మోసపోయేది ఇక్కడే. హింజ్ అంటే ఒక లోహపు ఇరుసు. దాన్ని కింద బాడీకి, పైన మూతకి చిన్న స్క్రూలతో బిగిస్తారు. చవక మోడళ్లలో ఆ స్క్రూలు ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్లలోకి దిగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఇరుసులో గ్రీజు ఎండిపోయి బిగుసుకుంటుంది. మూత ఎత్తిన ప్రతిసారీ ఆ బలమంతా ఇత్తడి నట్ల మీద పడుతుంది. చివరికి ఇరుసుకి ఏమీ కాదు, ప్లాస్టిక్ పగిలి నట్లు ఊడి వస్తాయి.

అందుకని తెరిచేటప్పుడు తెరవైపు కాకుండా, హింజ్ ఉన్న మూలల వైపు చూడాలి. లాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి, మూత మధ్యలో రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా ఎత్తండి. ఎత్తుతున్నప్పుడు వెనక మూలల్లో కింది బాడీకీ పై పలకకీ మధ్య సందు తెరుచుకుంటుంటే లోపల నట్లు ఊడాయని అర్థం. తెర కింది అంచు చట్రం ఉబ్బుతుంటే మూతవైపు ఊడింది. "టిక్", "కిర్" అని ఒక్కచోటే శబ్దం రావడం, ఒక మూల ముందు కదిలి రెండోది ఆలస్యంగా కదలడం కూడా అలాంటివే. తర్వాత నిట్టనిలువుగా ఆపి, బల్లని మెల్లగా తట్టండి. తెర కొంచెం ఊగి ఆగాలి. తనంతట తాను వెనక్కి వాలిపోతే ఇరుసు వదులైంది.

బిగుతుగా ఉన్నదానికన్నా వదులుగా ఉన్నదే నయం అంటాను. వదులైతే వాడుకోవచ్చు. రాయిలా బిగుసుకున్నది ఈ రోజు బాగున్నా రేపు ప్లాస్టిక్‌ని పగలగొడుతుంది. మూల దగ్గర గట్టిపడిన జిగురు కనిపిస్తే ఎవరో ఎపాక్సీతో అతికించారు. అతుకు కొన్నాళ్లు ఆగుతుంది, కానీ తర్వాత ఊడితే ఈసారి అతికించడానికి అక్కడ ప్లాస్టిక్ మిగలదు.

నరసాపురం, అంతర్వేది వైపు వాడిన లాప్‌టాప్ అట. ఉప్పు గాలికి పాడైందేమో, వరద నీళ్లలో తడిసిందేమో ఎలా కనిపెట్టాలి?

ఫోన్ టార్చ్ వేసి పోర్టుల లోపలికి చూడండి. యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ రంధ్రాల చుట్టూ లోహం మెరుస్తూ ఉండాలి. గోధుమ రంగు తుప్పు, ఆకుపచ్చ చిలుము, తెల్లటి పొడి ఉంటే లోపల బోర్డు మీద కూడా అదే ఉండే అవకాశం ఎక్కువ. అడుగు స్క్రూల తలలు కూడా చూడండి. సముద్రపు గాలికి తుప్పు అన్నిచోట్లా సమానంగా, పలచగా పడుతుంది. నీళ్లు ఒలికితే ఒక పక్కే ఎక్కువ కనిపిస్తుంది. ఎడమ పోర్టులు శుభ్రంగా ఉండి కుడివైపువి చిలుము పట్టి ఉంటే, ఆ పక్క టీయో కొబ్బరి నీళ్లో పడ్డాయనుకోవచ్చు.

వరదలో మునిగినదానికి గుర్తు బురద. గాలి బయటికి వచ్చే జాలీలో మామూలుగా బూడిద రంగు దుమ్ము దూదిలా పేరుకుంటుంది. ఎర్రమట్టి రంగులో గట్టిగా అంటుకున్న పొర అయితే అది దుమ్ము కాదు. లంక గ్రామాల్లో ఇళ్లలోకి వరద వచ్చిన ఏడాది తర్వాత అమ్మకానికి వచ్చిన సరుకైతే ఈ జాలీ తప్పక చూడాలి. తడిసినదాన్ని ఆరబెట్టి ఆన్ చేస్తే చాలాసార్లు నడుస్తుంది. తుప్పు మాత్రం ఆగదు, నెలల తర్వాత ఒక్కో పోర్టు చొప్పున పోతుంది. ఎంత చవకైనా అలాంటిది నేను కొనను.

టచ్‌ప్యాడ్ కొంచెం పైకి లేచినట్టుంది, క్లిక్ కూడా సరిగా పడట్లేదు. టచ్‌ప్యాడ్ మారిస్తే పోతుందా?

టచ్‌ప్యాడ్ సమస్య కాకపోవచ్చు. చాలా మోడళ్లలో దాని కిందే బ్యాటరీ ఉంటుంది. మూత మూసి లాప్‌టాప్‌ని చదునైన గాజు బల్ల మీద పెట్టి మూలలు ఒక్కొక్కటీ నొక్కండి. అటూ ఇటూ ఊగితే, అడుగు ఉబ్బి ఉంటే బ్యాటరీ ఉబ్బింది. దాన్ని అలాగే చార్జింగ్ పెట్టడం ప్రమాదం, మంటలు రావొచ్చు. మీ కళ్ల ముందు కొత్త బ్యాటరీ వేస్తేనే మాట్లాడండి. "మీరు తీసుకెళ్లి మార్పించుకోండి" అంటే వదిలెయ్యండి.

## ఆన్ చేశాక

ముందు విండోస్‌లోకే వెళ్లాలా, ఇంకేదైనా చూడాలా?

ముందు బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లండి. ఆన్ చేసిన వెంటనే డెల్‌లో `F2`, హెచ్‌పీలో `F10`, థింక్‌ప్యాడ్‌లో `F1` నొక్కుతూ ఉండాలి. పాస్‌వర్డ్ అడిగితే అది పాత కంపెనీ పెట్టిన తాళం. ఇప్పటి ఆఫీసు మోడళ్లలో ఆ తాళం తియ్యడం తేలిక కాదు, బోర్డు మీద చిప్ జోలికి వెళ్లాల్సి రావొచ్చు. "విండోస్ వస్తోంది కదండీ, దాంతో మనకేం పని" అంటారు. రేపు కొత్త ఎస్ఎస్‌డీ వేసి విండోస్ ఎక్కించుకోవాలంటే దాంతోనే పని పడుతుంది.

తాళం లేకపోతే లోపల రాసి ఉన్న సీరియల్ నంబర్, అడుగున స్టిక్కర్ మీది నంబర్ పోల్చుకోండి. రెండూ వేరైతే బోర్డు మార్చారు, లేదా అడుగు కవర్ ఇంకోదాన్నుంచి తెచ్చారు.

స్క్రీన్‌లో చుక్కలు, మచ్చలు ఎలా పట్టుకోవాలి?

వెలుగు పూర్తిగా పెంచి, పెన్‌డ్రైవ్‌లోని ఐదు రంగుల ఫొటోలు ఒక్కొక్కటీ తెర నిండా తెరవండి. తెలుపు మీద నల్ల చుక్క కనిపిస్తే ఆ పిక్సెల్ చచ్చిపోయింది. నలుపు మీద ఎర్రగానో పచ్చగానో మెరిసేది ఒక రంగులో ఇరుక్కుపోయిన పిక్సెల్. ఒకటి రెండు ఉంటే వాడుకోవచ్చు, అవి సాధారణంగా అక్కడే ఉండిపోతాయి. తెలుపు మీద పాలపొడి చల్లినట్టు వెలుగు మచ్చలుంటే తెర వెనక ఎక్కడో ఒత్తిడి పడింది, బ్యాగులో పుస్తకాల కింద నలిగినవాటికి ఇలా అవుతుంది. సన్నటి నిలువు గీత ఒక్కటి ఉన్నా వద్దు. ఒక గీత ఉన్న తెరకి రెండోది రావడం తరచుగా చూసేదే.

నలుపు ఫొటోని షాపు మధ్యలో ట్యూబ్‌లైట్ కింద చూస్తే ఏమీ తెలియదు. నీడగా ఉన్న మూలకి తీసుకెళ్లి చూడండి. డెల్‌లో అయితే విండోస్‌తో సంబంధం లేని పరీక్ష ఇంకోటి ఉంది. లాప్‌టాప్ ఆపేసి, చార్జర్ పెట్టి, `D` కీ నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కితే తెర తనంతట తానే వరసగా రంగులు మారుస్తుంది. చాలా లాటిట్యూడ్‌లలో ఇది పనిచేస్తుంది.

మూత కదిపినప్పుడు స్క్రీన్ మినుకుమంటోంది. డ్రైవర్ ప్రాబ్లం అంటున్నారు, నిజమేనా?

కాదు. డ్రైవర్‌కి మూత ఎంత తెరిచి ఉందో తెలియదు. తెరకి వెళ్లే కేబుల్ హింజ్ పక్క నుంచే పోతుంది, వేల సార్లు మడతపడి అందులోని సన్నటి తీగ తెగుతుంది. తెల్ల ఫొటో తెరిచి ఉంచి మూతని పూర్తిగా వెనక్కి, మళ్లీ దాదాపు మూసేదాకా మెల్లగా తిప్పండి. ఒక కోణం దగ్గరే మినుకుమంటే కేబుల్ అనుమానం. కోణంతో పని లేకుండా వస్తుంటే తెర గానీ, గ్రాఫిక్స్ గానీ. కేబుల్ ఖరీదు పెద్దది కాదు, తెర విప్పి మార్చే కూలీ మాత్రం ఉంటుంది.

కీబోర్డు అన్ని కీలూ నొక్కి చూశాను, పనిచేస్తున్నాయి. ఇంకేం చూడాలి?

నోట్‌ప్యాడ్ తెరిచి ఒక్కో వరసా ఎడమ నుంచి కుడికి కొట్టండి. అక్షరం ఒకసారి కొడితే రెండుసార్లు పడటం, నొక్కిన కీ నెమ్మదిగా పైకి రావడం చూడాలి. రెండోదానికి కారణం చాలాసార్లు ఎండిపోయిన టీ. స్పేస్ బార్‌ని మధ్యలో కాకుండా రెండు చివర్లా నొక్కండి. షిఫ్ట్‌లు రెండూ, బాణం కీలు, బ్యాక్‌స్పేస్ మర్చిపోవద్దు.

ఒకదానికొకటి దూరంగా ఉన్న మూడు నాలుగు కీలు కలిసి పోయాయంటే అది దుమ్ము కాదు. కీబోర్డు లోపల కీలన్నీ అడ్డగీతలు, నిలువుగీతల అల్లికలో ఉంటాయి. ఒక గీత తెగితే దాని మీదున్న కీలన్నీ పోతాయి, పైకి చూస్తే సంబంధం లేనట్టు కనిపిస్తాయి. శుభ్రం చేస్తే తిరిగి రావు, కీబోర్డు మార్చాల్సిందే.

పోర్టులన్నీ ఎలా చెక్ చెయ్యాలి? టైప్-సి ఉంది కానీ దాంతో చార్జ్ ఎక్కట్లేదు.

పెన్‌డ్రైవ్‌ని ప్రతి యూఎస్‌బీలోనూ పెట్టి, అదే పెద్ద ఫైలు కాపీ మొదలుపెట్టి, పెన్‌డ్రైవ్‌ని పైకీ కిందికీ కొంచెం కదపండి. కాపీ మధ్యలో తెగిపోతే పోర్టు వదులు. ఇయర్‌ఫోన్స్‌లో రెండు చెవులూ వినిపించాలి. హెచ్‌డీఎంఐకి షాపులో ఏదో ఒక మానిటర్ ఉంటుంది, అడగడానికి మొహమాటపడొద్దు. కాలేజీలో ప్రెజెంటేషన్ రోజున తెలుసుకోవడం కన్నా నయం.

టైప్-సి ఆకారం ఒక్కటే అయినా పని మోడల్‌ని బట్టి మారుతుంది. కొన్నిటిలో ఫైళ్లు మాత్రమే వెళ్తాయి, చార్జింగూ మానిటరూ ఉండవు. కాబట్టి చార్జ్ ఎక్కలేదంటే పాడైందని కాదు. ఆ మోడల్‌కి టైప్-సి చార్జింగ్ ఉందో లేదో కంపెనీ సైట్‌లో చూసి అప్పుడు తేల్చండి. ఫోన్ చార్జర్‌తో పరీక్షిస్తే ఉన్నదానికి కూడా చాలక ఎక్కకపోవచ్చు.

చార్జర్ పెడితే డెల్‌లో ఏదో ఇంగ్లిష్ మెసేజ్ వస్తోంది. ఎంటర్ కొడితే పోతోంది. పర్వాలేదా?

`The AC power adapter wattage and type cannot be determined` అనే మెసేజ్ అయితే పర్వా ఉంది. గుండ్రటి పిన్ ఉన్న డెల్ చార్జర్ మధ్యలో సన్నటి సూది ఉంటుంది. తాను ఎన్ని వాట్లదో చార్జర్ దాని ద్వారానే లాప్‌టాప్‌కి చెబుతుంది. ఆ సమాచారం అందకపోతే లాప్‌టాప్ నడుస్తుంది గానీ, నెమ్మదిస్తుంది, బ్యాటరీ ఎక్కదు. ఇంకో డెల్ చార్జర్ పెట్టి చూడండి. మెసేజ్ పోతే చార్జర్ తప్పు, పోకపోతే లాప్‌టాప్‌లోని చార్జింగ్ పోర్టుది.

## బ్యాటరీ

"మూడు గంటలు గ్యారంటీగా వస్తుంది" అంటున్నారు. షాపులోనే ఎలా తేల్చుకోవాలి?

స్టార్ట్‌లో `cmd` అని కొట్టి తెరిచి ఈ లైను ఇవ్వండి:

```
powercfg /batteryreport /output C:\Users\Public\bat.html
```

ఆ ఫైలుని బ్రౌజర్‌లో తెరిస్తే రెండు అంకెలు కనిపిస్తాయి. `DESIGN CAPACITY` అంటే కొత్తలో పట్టే చార్జి, `FULL CHARGE CAPACITY` అంటే ఇప్పుడు పట్టేది. ఒక 14 అంగుళాల ఆఫీసు మోడల్‌లో మొదటిది 68,000, రెండోది 44,200 మిల్లీవాట్ అవర్లు ఉన్నాయనుకుందాం. 44,200ని 68,000తో భాగిస్తే 65 శాతం. అంటే మూడో వంతు పైగా పోయింది. ఆఫీసుల నుంచి వచ్చినవాటిలో ఇది మామూలే.

ఇది లాప్‌టాప్ తన గురించి తాను చెప్పుకున్న మాట. నిజం తేలాలంటే చార్జర్ తీసేసి, వెలుగు పూర్తిగా పెట్టి, హాట్‌స్పాట్‌తో యూట్యూబ్ వీడియో ఇరవై నిమిషాలు నడపండి. 100 నుంచి 88కి దిగిందనుకోండి. 44,200లో 12 శాతం అంటే సుమారు 5,300. ఇరవై నిమిషాలకి అంత అంటే గంటకి దాదాపు 16,000 మిల్లీవాట్ అవర్లు, అంటే వాడకం 16 వాట్లు. ఆ లెక్కన పూర్తి వెలుగులో వీడియోతో రెండు గంటల ముప్పావు వస్తుంది. వెలుగు తగ్గించి టైపింగు, నోట్సు పని చేసుకుంటే 10 వాట్ల చుట్టూ ఉంటుంది కాబట్టి నాలుగు గంటల పైనే రావాలి. మూడు గంటల మాట నమ్మదగిందే అన్నమాట.

ఈ ఇరవై నిమిషాల్లో అంకె ఎలా దిగుతుందో కూడా చూడండి. మెల్లగా ఒకటొకటిగా దిగాలి. 92 నుంచి ఒక్కసారిగా 70కి పడిపోతే, లేదా 60 చూపిస్తూ ఆరిపోతే లోపల ఒక సెల్ దెబ్బతింది. అప్పుడు రిపోర్టులో ఎంత శాతం ఉన్నా లెక్కలోకి రాదు. తుపాను రోజుల్లో కరెంటు పోతే మీకు పనికొచ్చేది ఈ పరీక్షలో మిగిలిన బ్యాటరీయే.

రిపోర్టులో రెండు అంకెలూ ఒకటే ఉన్నాయి, 100 శాతం. ఐదేళ్ల లాప్‌టాప్‌కి ఇది సాధ్యమా?

కొత్త బ్యాటరీ వేసి ఉంటే సాధ్యమే. కంపెనీదా, పేరు లేనిదా అన్నది ప్రశ్న. రిపోర్టు పైభాగంలో `MANUFACTURER`, `SERIAL NUMBER` చూడండి. అక్కడ ఖాళీగా ఉండటం, సీరియల్ అన్నీ సున్నాలు, ఒకట్లు ఉండటం నకిలీకి గుర్తు కావొచ్చు. కొన్ని నకిలీ బ్యాటరీలు ఎంత వాడినా ఆ రెండు అంకెల్నీ ఒకేలా చూపిస్తాయి. `CYCLE COUNT` దగ్గర గీత ఉంటే మాత్రం కంగారు వద్దు, చాలా మోడళ్లు ఆ లెక్క విండోస్‌కి ఇవ్వవు. అనుమానం ఉంటే కాగితం మీది అంకెలు వదిలేసి, చార్జర్ తీసి గడియారం చూడటమే దారి.

చార్జింగ్ 80 దగ్గరే ఆగిపోతోంది. బ్యాటరీ పోయినట్టేనా?

పోకపోవచ్చు. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచి వాడే ఆఫీసులు బ్యాటరీ మన్నడానికి 80 దగ్గర ఆపే సెట్టింగ్ పెడతాయి. డెల్‌లో బయోస్‌లోనూ, థింక్‌ప్యాడ్‌లో `Lenovo Vantage`లోనూ ఉంటుంది. అది తీసేశాక కూడా ఎక్కకపోతే అప్పుడు బ్యాటరీ సంగతి.

## స్టోరేజ్

ఎస్ఎస్‌డీ ఇంకా ఎన్నాళ్లు వస్తుందో తెలుస్తుందా?

ఎన్నాళ్లో చెప్పలేం, ఎంత అరిగిందో తెలుస్తుంది. CrystalDiskInfo తెరిస్తే ఎడమవైపు `Good` అని, కింద ఒక శాతం కనిపిస్తుంది. అది మిగిలి ఉన్న ఆయుష్షు. 87 అంటే 13 అరిగిందని. ఎస్ఎస్‌డీలో ప్రతి చోటా రాయగలిగిన సార్లకి పరిమితి ఉంటుంది, ఆ లెక్కే ఇది. ఆఫీసు పనికి వాడినవి ఐదేళ్ల తర్వాత కూడా 80 పైన ఉండటం మామూలే. 50కి దిగిందంటే చాలా ఎక్కువ రాశారు. `Caution` అని పసుపు రంగు వస్తే కొత్త ఎస్ఎస్‌డీ ఖరీదు తగ్గించమని అడగండి.

పెన్‌డ్రైవ్ ప్రోగ్రామ్ నడపనివ్వకపోతే విండోస్‌లోనే చూడొచ్చు. పవర్‌షెల్‌ని అడ్మిన్‌గా తెరిచి:

```
Get-PhysicalDisk | Get-StorageReliabilityCounter |
  Format-List DeviceId,Wear,PowerOnHours
```

ఇక్కడ `Wear` అరిగిన శాతం. సున్నా అయితే కొత్తదానిలా ఉన్నట్టు, 100 అయితే అయిపోయినట్టు. CrystalDiskInfo అంకెకి ఇది తలకిందులు, కంగారుపడొద్దు. కొన్ని ఎస్ఎస్‌డీలకి ఈ గడులు ఖాళీగా వస్తాయి.

2019 లాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ 40 గంటలే నడిచినట్టు చూపిస్తోంది. ఏమైనా మోసమా?

ఆఫీసులో రోజుకి 8 గంటలు, ఏడాదికి 250 రోజులు వాడితే 2,000 గంటలు. ఐదేళ్లకి 10,000 దగ్గర ఉండాలి. 40 ఉందంటే ఎస్ఎస్‌డీ కొత్తది వేశారు. చాలా కంపెనీలు డేటా భయంతో పాత డిస్కులు తీసేసుకుని మిగతాది అమ్ముతాయి, కాబట్టి అది సహజం. పేరు మాత్రం చూడండి. పేరున్న కంపెనీదైతే మీకు లాభమే. పేరూ ఊరూ లేనిదైతే పెన్‌డ్రైవ్‌లోని సినిమా ఫైలు డెస్క్‌టాప్ మీద పెట్టి, అక్కడే మూడు నాలుగు కాపీలు చెయ్యండి. వేగం మొదట బాగా ఉండి తర్వాత కొంత తగ్గడం చవక రకాలకి మామూలు. సెకనుకి 20, 30 ఎంబీలకి పడిపోయి అక్కడే ఉండిపోతే రోజువారీ పనిలో కూడా విసిగిస్తుంది.

హార్డ్ డిస్క్ ఉన్నదైతే?

CrystalDiskInfoలో `05`, `C5`, `C6` వరసలు చూడండి. కుడివైపు చివరి అంకెలన్నీ సున్నా ఉండాలి. `C5` అంటే చదవలేక పక్కన పెట్టిన చోట్లు. అక్కడ ఏ అంకె ఉన్నా ఆ డిస్కు మీద చదువు, ఫొటోలు పెట్టుకోవద్దు. నిజానికి హార్డ్ డిస్క్ బాగున్నా ఎస్ఎస్‌డీ వేయించుకునే తీసుకోండి, విండోస్ 11 దాని మీద నత్తలా నడుస్తుంది.

## డబ్బు ఇచ్చే ముందు

అన్నీ బాగున్నాయి. ఇంకా ఏదైనా మిగిలిందా?

షాపులోనే విండోస్ రీసెట్ చేయించండి. `Settings`లో `System`, `Recovery`, `Reset this PC`, అన్నీ తీసేసే రకం. అరగంటో గంటో పడుతుంది, ఆలోగా టిఫిన్ చేసి రండి. మళ్లీ మొదలయ్యాక మీ హాట్‌స్పాట్ కలపండి. అప్పుడు ఏదైనా కంపెనీ పేరుతో స్వాగతం పలికి, ఆ కంపెనీ ఈమెయిల్ అడిగితే ఆ లాప్‌టాప్ ఇంకా వాళ్ల లిస్టులోనే ఉంది. నెట్ లేకుండా విండోస్ ఎక్కించి ఇచ్చినవాటిలో ఈ సంగతి మొదట బయటపడదు, ఏడాది తర్వాత మీరు రీసెట్ చేసిన రోజున బయటపడుతుంది. పాత కంపెనీ ఒప్పుకోకుండా దాన్ని తీయించడం మీ వల్లా షాపువాళ్ల వల్లా అయ్యే పని కాదు.

బ్యాటరీ ఒక్కటే బాగోలేదు. వదిలెయ్యాలా, తీసుకోవాలా?

తీసుకోవచ్చు. బ్యాటరీ, ఎస్ఎస్‌డీ, చార్జర్, కీబోర్డు మార్చుకునే వస్తువులు. రాజమండ్రిలోనో కాకినాడలోనో ఆ మోడల్ బ్యాటరీ ఖరీదు ఫోన్‌లో కనుక్కుని, కూలీతో కలిపి ఆ మొత్తం రేట్లోంచి తగ్గించమనండి. ఊడిన హింజ్, చిలుము పట్టిన పోర్టులు, బయోస్ తాళం, కంపెనీ లిస్టు తాళం ఉంటే మాత్రం ఎంత తగ్గించినా వద్దు.

బిల్లు లేకుండా ఇస్తామంటున్నారు, రెండు వేలు తక్కువట.

వద్దు. దొంగ సరుకైతే పోలీసులు ముందు వచ్చేది దాన్ని వాడుతున్న మీ దగ్గరికే. బిల్లు మీద సీరియల్ నంబర్, వారంటీ ఎన్ని రోజులో, అందులో బ్యాటరీ, తెర కలుస్తాయో లేదో రాయించుకోండి. వ్యక్తి దగ్గర కొంటుంటే ఆయన కొన్న పాత బిల్లు ఫొటో తీసుకుని, డబ్బు యూపీఐలో ఇవ్వండి.

ఇంటికి తెచ్చాక వారంటీ రోజుల్లో ఏం చెయ్యాలి?

బాగా వాడండి. రోజూ ఒక్కసారైనా బ్యాటరీ 100 నుంచి 20 దాకా దించండి, మధ్యలో ఒక రోజు రెండు మూడు గంటలు ఆపకుండా వీడియో కాల్ పెట్టండి. వేడెక్కాక మాత్రమే వచ్చే సమస్యలు షాపులో ఏసీ కింద గంటసేపట్లో కనిపించవు: ఉన్నట్టుండి ఆగిపోవడం, వైఫై తెగిపోవడం, ఫ్యాన్ గీసినట్టు శబ్దం చెయ్యడం. ఏదైనా కనిపిస్తే వెంటనే ఫోన్‌లో వీడియో తీసుకుని, వారంటీ ఆఖరి రోజు దాకా ఆగకుండా బిల్లుతో షాపుకి తీసుకెళ్లండి.